'ఎనీ' తర్వాత ఏముండాలి?

ఈ గల్తీ నాది. ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువని రాస్తున్నా.

2017 ఫిబ్రవరి. మొయినాబాద్ దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్పేవాణ్ణి. కాలేజీ పేరెందుకు, పర్చా నేను టైపు చేసిందే. ఇల్లు చేవెళ్లలో. పొద్దున్నే నాష్తా చేసి బస్సెక్కితే రోడ్డుకి రెండు పక్కలా మర్రిచెట్ల నీడలో అరగంట ప్రయాణం. అదే కాలేజీలో మా ఆపా కూతురు ఎంపీసీ ఫస్టియర్. మా దూల్హాభాయ్ చేవెళ్ల, మొయినాబాద్ మధ్య ఆటో నడుపుతారు. ఆ కాలేజీలో అప్పుడొక ఖాయిదా ఉండేది. ప్రీఫైనల్లో మ్యాథ్స్‌లో 75కి 60 దాటినవాళ్లకు సెకండియర్ ఫీజు సగం మాఫ్. ఆటో మీద బతికే ఇంట్లో సగం ఫీజంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో ఆ రెండు నెలలు టీవీ బంద్. అమ్మాయి ఫజర్‌కి లేచి కూర్చుంటే మళ్లీ ఇషా దాటాకే పుస్తకం మూసేది.

ప్రీఫైనల్ మ్యాథ్స్ 1ఏ రోజు నేను కాలేజీలో లేను. అబ్బా కంటి చెకప్ కోసం మెహిదీపట్నం తీసుకెళ్లాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. మధ్యాహ్నం చూస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. అన్నీ కాలేజీ నుంచే.

సాయంత్రం ఆపా ఇంటికెళ్లా. భాంజీ గోడవైపు తిరిగి కూర్చుంది.

"క్యా హువా బేటా?"

"కుచ్ నై మామూ. మీరే కదా ఛాయిస్ ఇవ్వనన్నారు. ఇవ్వలేదు. పూరా నై హువా."

నాకేమీ అర్థం కాలేదు. పర్చా చేతికిచ్చింది. సెక్షన్ ఏ దగ్గర 'ఆన్సర్ ఆల్' అని ఉంది. సెక్షన్ బీ దగ్గర 'ఆన్సర్ ఎనీ' అని ఉంది. అంతే. దాని తర్వాత తెల్ల కాగితం. సెక్షన్ సీ దగ్గర కూడా 'ఆన్సర్ ఎనీ', మళ్లీ ఖాళీ. ఏవైనా అంటే ఎన్ని? నాలుగా, అయిదా, ఏడూనా? ఎన్ని అనే ఆ ఒక్క లఫ్జే గాయబ్.

అది ఎలా పోయిందో తెలుసుకోవడానికి నాకు ఆ రాత్రంతా పట్టింది. ఎలా పోయిందో వివరంగా చెప్తాను. ఎందుకంటే ఇది చదివేవాళ్లలో టీచర్లున్నారు, మదర్సాల్లో, ట్యూషన్లలో పర్చాలు టైపు చేసేవాళ్లున్నారు.

నేను పర్చాని ఇంట్లో లాప్‌టాప్ మీద వర్డ్‌లో టైపు చేశాను. ప్రతి సెక్షన్ హెడ్డింగ్ ఒక చిన్న టేబుల్. మూడు గళ్లు. మొదటి గడిలో సెక్షన్ పేరు, మధ్య గడిలో సూచన, చివరి గడిలో ఒక్కో సవాల్‌కి ఎన్ని మార్కులన్నది. హెడ్డింగులన్నీ ఒకే ఎత్తులో ఖూబ్‌సూరత్‌గా ఉండాలని ఆ వరస ఎత్తుని `Exactly` అని బిగించాను. అసలు తప్పు అక్కడే జరిగింది. ఆ సెట్టింగ్ ఉంటే గడిలో ఎంత మాట ఉన్నా వర్డ్ ఆ ఎత్తు వరకే చూపిస్తుంది. రెండో లైనుకి దిగిన మాట చెరిగిపోదు, ఫైల్లో అలాగే ఉంటుంది, కానీ కంటికీ కనపడదు, కాగితం మీదా పడదు. `At least` అని పెట్టి ఉంటే గడి దానంతటదే కిందికి సాగేది.

నా లాప్‌టాప్ మీద సూచన ఒకే లైన్లో సరిపోయింది కాబట్టి ఏ పరేషానీ లేదు. మొయినాబాద్‌లో జిరాక్స్ షాపు కుర్రాడు కాగితం మిగల్చడానికి నాలుగు పేజీల పర్చాని పేజీకి రెండు కాలమ్స్ చేసి రెండు పేజీల్లోకి దించాడు. గళ్లు ఇరుకయ్యాయి. మధ్య గడిలో మొదటి లైన్లో 'ఆన్సర్ ఎనీ' వరకే పట్టింది. 'ఫైవ్ క్వశ్చన్స్' రెండో లైనుకి దిగి మాయమైంది. సెక్షన్ ఏలో కూడా 'క్వశ్చన్స్' అనే మాట అలాగే పోయింది. కానీ 'ఆన్సర్ ఆల్' అన్నది తనంత తాను పూర్తిగా ఉన్నట్టు కనిపిస్తుంది, కాబట్టి పోయిందని ఎవరికీ తెలియదు. షాపు కుర్రాడు పైన చూశాడు, బాగుంది అనుకున్నాడు, మిషన్ తిప్పాడు. వాడిది తప్పనను. పర్చా నాది, ప్రూఫ్ చూడాల్సింది నేను. అబ్బా దవాఖానా హడావుడిలో ఫైలు పంపి చేతులు దులుపుకున్నా.

రెండో గల్తీ కూడా నాదే. బోర్డు పర్చాలో సెక్షన్ పేరు పక్కన కుడివైపు 5 × 4 = 20 అని గుణింపు ఉంటుంది. అది అలంకారం కాదు, సూచనకి గవా, సాక్షి. సూచన చెరిగినా సాక్షి మిగులుతుంది. నేను బద్ధకించి అక్కడ ఒట్టి '4 మార్కులు' అని రాశాను. సీ దగ్గర '7 మార్కులు'. ఉన్న ఒక్క సాక్షినీ నేనే తీసేశాను.

ఇక మూడోది. రెండు వారాల ముందు క్లాసులో పిల్లలు అల్లరి చేస్తుంటే, "ప్రీఫైనల్లో ఛాయిస్ ఇవ్వను పొండి" అన్నాను. మజాక్‌గా అన్నాను. బోర్డు ప్యాటర్న్ ప్రకారం ఏడింటిలో అయిదు అని అందరికీ తెలుసు. కానీ పర్చాలో ఆ అయిదు కనపడకపోయేసరికి నా మజాక్ వాళ్లకి గుర్తొచ్చింది. సార్ అన్నంత పనీ చేశాడు అనుకున్నారు.

హాల్లో ఏం జరిగిందో మరునాడు తెలిసింది. రెండు గదులు. మొదటి గదిలో మా ఫిజిక్స్ సార్ ఉన్నారు. ఎవరో పిల్లవాడు చెయ్యెత్తితే చూసి, బోర్డు మీద చాక్‌పీసుతో 'బీలో అయిదు, సీలో అయిదు' అని రాశారు. రెండో గదిలో అప్పుడే చేరిన ఇంగ్లీష్ మేడమ్. నాకు ఫోన్ చేశారు, నేనెత్తలేదు. ఆఫీసు వాళ్లూ చేశారు. ముప్పావు గంట చూసి, "ఎన్ని అని లేదు కాబట్టి అన్నీ రాసేయండి, నష్టం లేదు" అన్నారు. మా భాంజీ రెండో గదిలో ఉంది.

నష్టం లేదన్న మాట వినడానికి బాగుంటుంది. ఎక్కువ రాస్తే మార్కులు తగ్గవు కదా అని మనందరం అనుకుంటాం. హిసాబ్ చేసి చూద్దాం.

పరీక్ష మూడు గంటలు, అంటే 180 నిమిషాలు. మొత్తం 75 మార్కులు. ఒక్కో మార్కుకి 2.4 నిమిషాలు. నాలుగు మార్కుల సవాల్‌కి దాదాపు పది నిమిషాలు, ఏడు మార్కుల దానికి పదిహేడు. ఇప్పుడు అన్నీ రాస్తే ఎన్ని మార్కులకి రాసినట్టు? ఏలో పది సవాళ్లకు 20, బీలో ఏడింటికి 28, సీలో ఏడింటికి 49. కలిపితే 97. అదే వేగంతో 97 మార్కులకి 233 నిమిషాలు కావాలి. ఉన్నవి 180. అంటే ఆ మాటతో ఆ గది పిల్లల దగ్గర 53 నిమిషాలు ఎవరో లాక్కున్నట్టే.

భాంజీ ఆన్సర్ షీట్ నా చేతికే వచ్చింది దిద్దడానికి. ఏ సెక్షన్‌లో 18. బీలో ఏడూ రాసింది, ఆరింటికి నాలుగేసి, ఒకదానికి రెండు. సీకి వచ్చేసరికి చేతిలో 65 నిమిషాలే ఉన్నాయి. అన్నీ తప్పనిసరి అనుకుంది కాబట్టి వరసగా మొదలుపెట్టింది. 18వది ఫంక్షన్స్, ఏడుకి ఏడు. 19వది మ్యాథమేటికల్ ఇండక్షన్, అది తనకి రాదు, అందులోనే కూరుకుపోయి అయిదు తెచ్చుకుంది. 20వది మ్యాట్రిక్స్, ఏడు. 21వది రెండో మ్యాట్రిక్స్ సవాల్, సగం లైనులో గంట మోగింది. వెక్టార్లు తన జాన్. ఆ సవాల్ దాకా చేరనేలేదు.

ఛాయిస్ ఉందని తెలిసి ఉంటే బీలో రెండు వదిలేసేది, ఇరవై నిమిషాలు మిగిలేవి. 65కి 20 కలిపితే 85. పదిహేడు నిమిషాల చొప్పున సరిగ్గా అయిదు సవాళ్లు. పైగా ఇండక్షన్‌ని పక్కకు పెట్టి వెక్టార్లు పట్టుకునేది. ఛాయిస్ ఇచ్చేది సమయం ఒక్కటే కాదు, రానిదాన్ని పక్కన పెట్టే హక్కు కూడా. ఎక్కువ రాయమన్నందువల్ల ఆ రెండూ పోయాయి.

ఇప్పుడు మార్కులు. బీలో మంచి అయిదు తీసుకుంటే 20. 18, 20, 19 కలిపితే 57. అరవైకి మూడు తక్కువ. బీలో రాసిన ఏడూ లెక్కేస్తే 26. అప్పుడు 63. ఫీజు మాఫ్.

ఆ ఆన్సర్ షీట్ ముందు పెట్టుకుని రాత్రి ఎంతసేపు కూర్చున్నానో. అన్నీ రాయమన్నది కాలేజీయే, రాసింది పిల్ల, వేస్తే తప్పేముంది అని ఒక మనసు. నువ్వు దాని మామూవి, పైగా మొదటి గది పిల్లలకు అయిదే రాయమని చెప్పారు, వాళ్లకి ఈ 28 మార్కుల మౌఖా లేదు కదా అని ఇంకో మనసు. దిద్దేవాడి చేతిలో ఉన్నది అమానత్. పెన్ను మూసేశాను.

మరునాడు స్టాఫ్‌రూమ్‌లో చాయ్ తాగుతూ ఫిజిక్స్ సార్ ఒక మాటన్నారు. "భాయ్, నీ పర్చాలో జవాబు దొరుకుతుంది. నాది అయితే దొరికేది కాదు."

"ఎట్లా?"

ఆయన పాత పేపరు అంచు మీద రాశారు. మొత్తం 75. ఏలో 20 ఖాయం. మిగిలింది 55. బీలో రాయాల్సినవి x, సీలో రాయాల్సినవి y అనుకో. అప్పుడు

4x + 7y = 55

రెండు సెక్షన్లలోనూ ఉన్నవి ఏడేసి సవాళ్లు. కాబట్టి xగానీ yగానీ ఏడు దాటకూడదు. ఇక y స్థానంలో ఒక్కొక్కటే పెట్టి చూడు. సీలో ఒకటే రాయాలంటే 55లో 7 పోయి 48, దాన్ని నాలుగుతో భాగిస్తే 12. బీలో అన్ని సవాళ్లే లేవు. రెండంటే 41, నాలుగుతో పోదు. మూడంటే 34, పోదు. నాలుగంటే 27, పోదు. అయిదంటే 20, నాలుగుతో పోతుంది, బీలో అయిదు. ఆరంటే 13, ఏడంటే 6, రెండూ పోవు. సీలో ఏదీ అక్కర్లేదంటే 55, అదీ పోదు. దారి ఒక్కటే. బీలో అయిదు, సీలో అయిదు. మజాక్ చేశానా లేదా అన్న షక్ కూడా అక్కర్లేదు. పర్చాయే చెప్తోంది.

నేను నోరు తెరిచి చూస్తున్నా. లీనియర్ ఈక్వేషన్ క్లాసులో నూరుసార్లు చెప్పినవాణ్ణి. నా పర్చాకే అది జవాబని తట్టలేదు.

"మరి నీదెందుకు దొరకదు?"

ఫిజిక్స్ పర్చా అరవై మార్కులు. ఏలో పది రెండు మార్కుల సవాళ్లు, 20. బీలో నాలుగు మార్కులవి ఎనిమిది ఉంటే ఆరు రాయాలి. సీలో ఎనిమిది మార్కులవి మూడుంటే రెండు రాయాలి. ఆరు, రెండు అనే లఫ్జులు చెరిగిపోయాయనుకోండి. 4x + 8y = 40. సీలో ఒకటి రాస్తే బీలో ఎనిమిది, మొత్తం సరిపోతుంది. సీలో రెండు రాస్తే బీలో ఆరు, సరిపోతుంది. సీలో మూడు రాస్తే బీలో నాలుగు, అదీ సరిపోతుంది. మూడు దారులు. ఏది అసలైనదో పర్చా చెప్పదు. కారణం తేలిక. ఎనిమిది నాలుగుకి రెట్టింపు. సీలో ఒక సవాల్ తీసేసి బీలో రెండు పెడితే హిసాబ్ మారదు. నాలుగుకీ ఏడుకీ అట్లాంటి ఒప్పందం లేదు, అందుకే నాది ఒకే దారికి వచ్చి ఆగింది.

అంటే మొత్తం మార్కులు చూసి వెతకడం ఎప్పుడూ పనిచెయ్యదు. కానీ ఒక పని మాత్రం ఎప్పుడూ చేస్తుంది. అన్నీ రాయాలా అన్న సవాల్‌కి వెంటనే జవాబిస్తుంది. నా పర్చాలో అన్నీ కలిపితే 97, పైన రాసి ఉన్నది 75. ఫిజిక్స్‌లో అన్నీ కలిపితే 20, 32, 24, మొత్తం 76, పైన ఉన్నది 60. కుదరలేదంటే ఛాయిస్ ఉందన్నమాటే. ఇది నిమిషం పని. రెండో గదిలో ఎవరైనా ఈ ఒక్క కూడిక చేసి ఉంటే 'అన్నీ రాసేయండి' అన్న మాట పుట్టేది కాదు.

దీనికి లొంగని ఇంకో రకం కూడా ఉంది. డిగ్రీ పర్చాల్లో కొన్నిసార్లు 'ఏవైనా అయిదు రాయండి, ఒక్కో సెక్షన్ నుంచి కనీసం రెండు ఉండాలి' అని ఉంటుంది. అందులో సెక్షన్ మాట తెగిపోతే మిగిలేది 'ఏవైనా అయిదు'. చూడటానికి పూర్తి వాక్యం. ఎవరికీ షక్ రాదు. తనకొచ్చిన సెక్షన్ నుంచే అయిదూ రాసి వచ్చేస్తాడు పిల్లవాడు. సవాళ్లన్నిటికీ సమానం మార్కులు కాబట్టి మొత్తం సరిగ్గానే కలుస్తుంది, హిసాబ్ కూడా మోసం చేస్తుంది. అక్కడ ఒకటే ఇలాజ్. పర్చాని రెండు సెక్షన్లుగా ఎందుకు విడదీశారు అని తనని తాను అడగాలి, ఆ తర్వాత చెయ్యెత్తి ఇన్విజిలేటర్ని అడగాలి.

ఆ వారమే నాకింకోటి తట్టింది. నేను పదోతరగతి దాకా ఉర్దూ మీడియం. మా పర్చాల్లో 'దర్జె జైల్ మేఁ సే కిన్హీ పాంచ్ సవాలాత్ కే జవాబ్ దీజియే' అని ఉండేది. తెలుగులో 'కింది వాటిలో ఏవైనా ఐదు ప్రశ్నలకు సమాధానాలు రాయండి'. రెండింటిలోనూ రాయమనే మాట చివర వస్తుంది, అంకె మధ్యలో కూర్చుంటుంది. వాక్యం తోక తెగినా పోయేది 'రాయండి', 'దీజియే'. అవి లేకున్నా పిల్లలకి తెలుసు రాయాలని. ఇంగ్లీషులో రాయమనే మాట ముందు, అంకె తర్వాత. తోక తెగితే అంకే పోతుంది. మొదటి లైన్లో తక్కువ చోటు ఉన్నప్పుడు ఇంగ్లీషు హెడ్డింగ్ ఇట్లా మోసం చేస్తుంది. అలాగని మన భాషలకు పూరా హిఫాజత్ ఉందని కాదు. రెండు మాటలే పట్టే గడి అయితే 'కింది వాటిలో' దగ్గరే ఆగిపోతుంది. ఉర్దూ కుడి నుంచి మొదలవుతుంది కాబట్టి జిరాక్స్‌లో కుడి అంచు కత్తిరించబడితే వాక్యం తల పోతుంది. అందుకే ఏ భాషైనా అంకె ఒక్క చోటే ఉండకూడదు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్లి నా గల్తీ అని చెప్పాను. "ప్రీఫైనలే కదా, వదిలేయండి" అన్నారు. ఫీజు లిస్టు దాని మీదే వేస్తున్నారు కదా సార్ అన్నా. ఆయన కాసేపు ఖామోష్. ఏం చేద్దామంటారు అని అడిగారు. బీలో మంచి అయిదు లెక్కేద్దాం, రెండు గదులకూ ఒకే ఖాయిదా. రెండో గదికి సెక్షన్ సీ మళ్లీ పెడదాం, కొత్త సవాళ్లతో. 35 మార్కులకి 2.4 చొప్పున 84 నిమిషాలు ఇద్దాం. పాతదానికీ కొత్తదానికీ ఏది ఎక్కువైతే అది. నా భాంజీ ఉంది కాబట్టి కొత్త పర్చా నేను తయారుచెయ్యను, నేను దిద్దను. ఆయన ఒప్పుకున్నారు. ఆదివారం పెట్టుకోండి, జీతం ఉండదు అన్నారు. జీతమెవరడిగారు.

ఇంటికెళ్లి దూల్హాభాయ్‌కి చెప్పడమే కష్టమైంది. మూడు రోజులు దాటేశాను. ఆపా దస్తర్ఖాన్ పరిచింది. అన్నం కలుపుతూ చెప్పాను. పర్చా నాది, తప్పు నాది, పిల్లది కాదు అని. ఆపా చెయ్యి ఆగింది. దూల్హాభాయ్ మాత్రం కోప్పడలేదు. భాంజీ వైపు తిరిగి అడిగారు.

"మెహిదీపట్నంలో వికారాబాద్ బస్సు వస్తుంది. బోర్డు మీద వికారాబాద్ వయా అని ఉంది, ఆ తర్వాత రంగు పోయింది. ఎక్కుతావా?"

"చేవెళ్ల మీద పోతుందా, శంకర్‌పల్లి మీద పోతుందా అని కండక్టర్ని అడుగుతా అబ్బా."

"ఆయనకీ తెలియదంటే?"

భాంజీ నవ్వింది, ఆ వారంలో మొదటిసారి. "డ్రైవర్ని అడుగుతా."

"హౌ. ఎక్కి కూర్చున్నాక శంకర్‌పల్లిలో దిగి ఏడిస్తే లాభం లేదు." తర్వాత నా వైపు చూసి మెల్లగా అన్నారు. "కానీ మామూ, బోర్డుకి రంగు వెయ్యాల్సింది డిపో వాళ్లు."

ఆ మాట నాకింకా గుర్తుంది.

ఆదివారం రెండో గది పిల్లలు వచ్చి రాశారు. ఫిజిక్స్ సార్ మ్యాథ్స్ దోస్త్ ఒకాయన పర్చా ఇచ్చారు, ఆయనే దిద్దారు. భాంజీకి 35కి 27. 18, 20, 27 కలిపితే 65. ఆపా ఆ రోజు షీర్ ఖుర్మా చేసింది, ఈద్ కాకపోయినా.

కానీ సురంగల్ వైపు నుంచి వచ్చే పిల్లవాడొకడు ఆదివారం రాలేదు. వాళ్లింట్లో గులాబీ తోట కౌలుకి చేస్తారు. ఆదివారం తెల్లవారితే పూలు కోసి మార్కెట్‌కి పంపాలి. వాడికి 58 వచ్చాయి, 58గానే ఉండిపోయాయి. నేను మళ్లీ అడిగాను, ఒక్కడి కోసం ఇంకోసారి పెట్టలేమన్నారు. వాడు పూర్తి ఫీజు కట్టాడు. సెకండియర్‌లో నా క్లాసులో మొదటి బెంచీలోనే కూర్చునేవాడు. ఒక్క రోజు కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదనిపించేది.

అప్పటి నుంచి నేను చేసే పనులు చెప్తాను, పెద్ద ఇల్మ్ ఏమీ కాదు. రాయాల్సిన అంకెని మూడు చోట్ల పెడతాను. పైన మొదటి సూచనల్లో, సెక్షన్ హెడ్డింగ్‌లో, కుడివైపు గుణింపులో. ఒకటి తెగినా రెండు మిగులుతాయి. హెడ్డింగ్‌కి టేబుల్ వాడను, వాడితే ఎత్తు బిగించను. షాపుకి వర్డ్ ఫైలు ఇవ్వను, పీడీఎఫ్ చేసి ఇస్తాను, దాన్ని వాళ్లు అంత సులువుగా కాలమ్స్‌గా మార్చలేరు. అన్నిటికన్నా ముఖ్యం, తెర మీద చూసి ఊరుకోను. షాపులో పడిన మొదటి కాగితం పట్టుకుని అక్కడే నిలబడి సూచనలు గట్టిగా చదువుతాను. కంటితో చూస్తే మనసు లేని అంకెని కూడా పూరించేస్తుంది, ఎందుకంటే రాసినవాడికి అది తెలుసు. నోటితో చదివితే 'ఆన్సర్ ఎనీ' దగ్గర నాలుక ఆగిపోతుంది.

పిల్లలకి చెప్పేది కొంచెమే. పర్చా చేతికి రాగానే సవాళ్లు చదవకండి, ముందు సూచనలు చదవండి, సెక్షన్ల మార్కులు కూడి పైనున్న మొత్తంతో సరిచూడండి. తేడా వస్తే అప్పుడే చెయ్యెత్తండి, నలభై నిమిషాల తర్వాత కాదు. మీ గదిలో చెప్పినదే పక్క గదిలోనూ చెప్పారా అని కూడా అడగండి. ఏ జవాబూ దొరక్కపోతే, బాగా వచ్చినవి ముందు రాయండి. కొందరు రాసినవన్నీ దిద్ది మంచివి తీసుకుంటారు, కొందరు మొదట రాసినవే లెక్కేస్తారు. 2021 నుంచి 2024 వరకు నీట్‌లో సెక్షన్ బీ పదిహేనులో పది రాయాల్సి ఉండేది. పది దాటి పెడితే మొదటి పదే చూసేవారు. వచ్చినవి ముందుంటే ఏ ఖాయిదా అయినా మీకు నష్టం తక్కువ. అదనపువి రాయాలనిపిస్తే, అన్ని సెక్షన్లూ ముగిసి సమయం మిగిలాకే.

నిన్న బీరువా సర్దుతుంటే ఆ పాత పర్చా దొరికింది. సెక్షన్ బీ దగ్గర భాంజీ పెన్సిల్‌తో చిన్నగా ఒక ప్రశ్న గుర్తు పెట్టుకుంది. షక్ వచ్చిందన్నమాట. అడిగింది కూడా, కానీ ఆ గదిలో జవాబు చెప్పగలిగేవాళ్లెవరూ లేరు. చెప్పగలిగేవాడు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని మెహిదీపట్నంలో లైన్లో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి పరీక్ష మూడు గంటలూ నా ఫోన్ మోగుతూనే ఉంటుంది.